బిర్యానీ హోటల్‌పై నిజాయితీగా క్యాప్షన్ రాయడం ఎలా?

ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌కి కావాల్సిన సరుకంతా టేబుల్ దగ్గరే పోగేసుకోవాలి. మటన్ దమ్ బిర్యానీనే తీసుకుందాం.

ముందు రుచి. ఫోటో ఒక నిమిషంలో ముగించి వేడిమీదే తినండి. పావుగంట రీల్ తీసి, చల్లారాక "నూనె గడ్డకట్టింది" అని రాస్తే ఆ తప్పు వంటవాడిది కాదు. మొదటి నాలుగు ముద్దలు సాలన్, పెరుగు చట్నీ లేకుండా తినాలి, లేదంటే అన్నం లోపం వాటి చాటున దాక్కుంటుంది. పైనున్న తెల్లన్నం, అడుగు మసాలా అన్నం విడివిడిగా చూడండి. పైది చప్పగా, అడుగుది సరిగ్గా ఉంటే బియ్యం ఉడికించిన నీళ్లలో ఉప్పు తగ్గిందన్నమాట. మెతుకులు ముద్దయితే దమ్‌కు ముందే బియ్యం ఎక్కువ ఉడికింది. ముక్క ఎముకను వదలకపోతే మాంసం సరిగా నానలేదు, లేదా దమ్ చాలలేదు. "బాలేదు" అనే బదులు ఈ గుర్తే రాయండి. ఒక ప్లేటు ఒక హండీ సంగతే చెబుతుంది కాబట్టి వెళ్లిన రోజు, వేళ కూడా వేయాలి.

ధర మెనూ నుంచి కాదు, బిల్లు నుంచి రాయండి. ఉదాహరణకు బిర్యానీ 360, డబుల్ కా మీఠా 100 అనుకుందాం. 5 శాతం జీఎస్టీ 23 కలిపితే 483 రూపాయలు. ముక్కలెన్ని, ఎంతమందికి సరిపోయింది అన్నవి లేకపోతే ఆ అంకెకు అర్థం ఉండదు. సర్వీస్ ఛార్జ్ అడగకుండానే వేస్తే అదీ చెప్పాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 మార్గదర్శకాల ప్రకారం హోటళ్లు దాన్ని బిల్లులో తమంతట తాము కలపకూడదు.

సర్వీసుకు గడియారం చాలు. టేబుల్ కోసం ఆగింది వేరు, ఆర్డరిచ్చాక ఆగింది వేరు. బిర్యానీ ముందే సిద్ధంగా ఉంటుంది కనుక రెండోది అరగంట దాటితే రాయదగ్గ విషయమే. ఆదివారం రద్దీలో నీళ్లు రెండోసారి అడగాల్సి రావడం అంత పెద్ద నేరం కాదు!

ఇప్పుడు క్యాప్షన్:

"మటన్ మెత్తగా ఉంది, పై అన్నంలో ఉప్పు తగ్గింది. ఆదివారం మధ్యాహ్నం 1:30. సింగిల్ 360, మూడు ముక్కలు, ఒకరికి ఎక్కువే. డబుల్ కా మీఠాతో బిల్లు 483. టేబుల్‌కి 25 నిమిషాలు, ప్లేటుకి 12. సాలన్ అడిగితేనే ఇచ్చారు. అడుగు అన్నం కోసం మళ్లీ వెళ్తా, ఆదివారం మాత్రం వెళ్లను. బిల్లు నేనే కట్టాను."

ఇన్‌స్టాగ్రామ్‌లో క్యాప్షన్ మొదటి వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. అందుకే ఒక మెప్పు, ఒక లోపం రెండూ మొదటి వాక్యంలోనే పడాలి. భోజనం హోటల్ వాళ్లే పెట్టి ఉంటే, ఆ మాట వాటికన్నా ముందు రావాలి.