జాతకంలో రాహు-కేతు అక్షం చదవడం ఎలా?

రాహువు, కేతువు కంటికి కనిపించే గ్రహాలు కావు. చంద్రుడి దారి, సూర్యుడు నడిచే దారి ఒకదాన్నొకటి దాటే రెండు బిందువులు. అందుకే ఎప్పుడూ ఒకదానికొకటి 180 డిగ్రీల దూరంలో, ఎదురెదురుగా ఉంటాయి. రాహువు ఉన్న చోటు మనిషి వెళ్లాలని తపించే దిక్కు, కేతువు ఉన్న చోటు చేతికి ముందే వచ్చేసిన పాత అలవాటు అని చూస్తాం. రెండింటినీ విడివిడిగా చదివితే సగం తప్పు అక్కడే జరిగిపోతుంది.

కావలసినవి పుట్టిన తేదీ, సమయం, ఊరు. ఏ జాతకం యాప్‌లోనైనా లాహిరి అయనాంశ, అంటే మన పద్ధతిలో రాశుల మొదలును లెక్కించే కొలత, పెట్టి రాశి చక్రం తీయండి. సెట్టింగుల్లో Mean Node, True Node అని రెండు కనిపిస్తాయి, Mean Node ఎంచుకోండి. రెండింటికీ తేడా ఒకటిన్నర డిగ్రీ దాకా ఉంటుంది, కాబట్టి రాహువు రాశి అంచున ఉంటే రాశే మారిపోవచ్చు. ఒకటి పట్టుకుని చివరిదాకా దానితోనే ఉండండి. పుట్టిన సమయానికి తూర్పున ఉదయించే రాశి లగ్నం. దాన్ని ఒకటిగా లెక్కించి రాహు, కేతువులు ఏ భావాల్లో, అంటే ఎన్నో ఇళ్లలో ఉన్నారో రాసుకోండి. ఇంతవరకు ఐదు నిమిషాల పని.

చెడిపోయేది ఇక్కడి నుంచే. చాలామంది రాశిని చూసి ఫలితం చెప్పేస్తారు. రాహువు ఒక్కో రాశిలో దాదాపు 18 నెలలు ఉంటాడు. ఆ ఏడాదిన్నరలో పుట్టిన వాళ్లందరికీ అదే రాశి. లగ్నం మాత్రం సుమారు రెండు గంటలకోసారి మారుతుంది. కాబట్టి ఈ మనిషి సంగతి చెప్పేది భావం, రాశి కాదు. పాశ్చాత్య సాయన పద్ధతిలో రాశులు దాదాపు 24 డిగ్రీలు జరుగుతాయి కనుక అక్కడ రాశి పేరే వేరుగా రావచ్చు. లగ్నం కూడా వాటితోపాటే జరుగుతుంది గనుక భావం తరచూ అదే నిలుస్తుంది. భావం ముందు అని పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

ఒక జాతకం తీసుకుందాం: 1999 నవంబర్ 15, తెల్లవారుజామున 5:15, హైదరాబాద్. తులా లగ్నం. రాహువు కర్కాటకంలో, అంటే పదో ఇంట. కేతువు మకరంలో, నాలుగో ఇంట. పది అంటే వృత్తి, నలుగురిలో నిలబడటం. నాలుగు అంటే ఇల్లు, తల్లి, మనసుకు ఊరట. ఇంత చూడగానే "ఇల్లు వదిలెయ్, ఉద్యోగం పట్టుకో" అని తీర్పు చెప్పేస్తారు. దయచేసి అలా చెప్పకండి. ఇంకా అధిపతులను చూడలేదు.

రాహువున్న కర్కాటకానికి అధిపతి చంద్రుడు. ఆ రోజు చంద్రుడు మకరంలో, అదీ కేతువు పక్కనే ఉన్నాడు. అంటే ముందుకు నడిపించాల్సినవాడు పాత అలవాటు ఇంట్లోనే కూర్చున్నాడు. ఈ మనిషి బయట పని ఎంచుకోవాల్సి వచ్చిన ప్రతిసారీ ముందు ఇంటివైపు, అమ్మ మాటవైపు చూస్తాడని చదవాలి. నాలుగో ఇంటిని తెంచుకుంటే పదో ఇంటికి దారే లేదు. ఇంటి నుంచి నేర్చుకున్న ఓర్పు, వంట, సేవ, మనిషిని కనిపెట్టుకుని ఉండటం లాంటివే వృత్తిగా మారే వీలు ఎక్కువ. కేతువును చెత్తబుట్ట అనుకునేవాళ్లకు ఈ దారి కనపడదు. కేతువు ఉన్న చోట నేర్పు నిండుగా ఉంటుంది, లేనిది ఆకలి. నేర్పు అక్కడ, ఆకలి రాహువు దగ్గర.

కేతువున్న మకరానికి అధిపతి శని. ఆయన మేషంలో నీచలో, అంటే బలం తగ్గిన స్థితిలో, ఏడో ఇంట ఉన్నాడు. అలవాటు ఎందుకు వదలదో ఇక్కడ తెలుస్తుంది. జీవిత భాగస్వామి ముందు, భాగస్వామ్యాల్లో నిలకడ తగ్గినప్పుడల్లా ఈ మనిషి ఇంట్లోకి ముడుచుకుంటాడు. ఇలా నాలుగు చోట్లు (రాహువు, కేతువు, వాళ్ల ఇద్దరి అధిపతులు) కలిపాకే ఒక్క వాక్యం రాయండి. ముందు రాస్తే దాన్ని సమర్థించుకోవడంలో మిగతా జాతకమంతా వంగిపోతుంది.

ఆ తర్వాత కాలం చూడాలి. రాహువు పుట్టినప్పటి చోటికి తిరిగి రావడానికి సుమారు 18.6 ఏళ్లు పడుతుంది. ఈ జాతకానికి అది 2018 నడుమ. జన్మనక్షత్రం శ్రవణం కాబట్టి, జీవితాన్ని గ్రహాల వంతులుగా పంచే వింశోత్తరి దశల లెక్కలో మొదట చంద్ర దశ, తర్వాత కుజ దశ, 2015 ప్రాంతంలో రాహు దశ మొదలై 18 ఏళ్లు నడుస్తుంది. ఆ మనిషిని 2015, 2018ల్లో చదువు, పని, ఇల్లు ఎలా మారాయో అడగండి. నాలుగు, పది సంగతులు కాకుండా ప్రయాణాలు, తండ్రి, తోబుట్టువుల మాటలే వస్తుంటే ముందు పుట్టిన సమయాన్ని అనుమానించండి. ఆసుపత్రి కాగితం మీది సమయం, అమ్మ చెప్పే సమయం రెండూ పక్కపక్కన పెట్టి లగ్నం మళ్లీ వేయండి.