మదుపూ మనసూ – 4వ పాఠం: ‘అసలు వస్తే అమ్మేస్తా’

పోయిన పాఠంలో, షేర్లు కొన్నా అమ్మినా బ్రోకర్ పంపే కాంట్రాక్ట్ నోట్ చదవడం నేర్చుకున్నాం. ఈసారి దాన్ని దగ్గర పెట్టుకుని, లాభంలో ఉన్న షేర్‌ను తొందరపడి అమ్మి, నష్టంలో ఉన్నదాన్ని పట్టుకుని కూర్చునే అలవాటు మనలో ఎంత ఉందో కొలుద్దాం. 1985లో షెఫ్రిన్, స్టాట్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దీనికి డిస్పొజిషన్ ఎఫెక్ట్ అని పేరు పెట్టారు.

మా బావమరిది బెంగళూరులో మారతహళ్లిలో ఇల్లు మారుతున్నాడు. ఓనర్‌కి అడ్వాన్స్ కట్టడానికి లక్ష కావాలి. అతని దగ్గర ఉన్న షేర్లలో రెండు అటూ ఇటూగా ఆ లెక్కకు సరిపోతాయి. మొదటిది 400 చొప్పున 200 షేర్లు కొన్నాడు, ఇప్పుడు 520. అంటే చేతికి 1,04,000 వస్తుంది, అందులో లాభం 24,000. రెండోది 600 చొప్పున 250 కొన్నాడు, ఇప్పుడు 420. అమ్మితే 1,05,000 వస్తుంది, నష్టం 45,000. రెండూ కొని ఏడాది కాలేదు.

అతను మొదటిది అమ్మేశాడు. రెండోది ఎందుకు అమ్మలేదని అడిగితే, “అసలు వస్తే అమ్మేస్తా బావా, ఇప్పుడు అమ్మితే నష్టం ఖాయమైపోతుంది కదా” అన్నాడు.

ఆ మాట దగ్గరే కాస్త ఆగాలి. నష్టం అమ్మిన రోజు రాదు, ధర పడిన రోజే వచ్చేసింది. 420 నుంచి 600కి రావాలంటే ఆ షేర్ దాదాపు 43 శాతం పెరగాలి. మనం 600 పెట్టి కొన్న సంగతి ఆ కంపెనీకి తెలియదు. పైగా పన్ను చూడండి. ఏడాదిలోపు అమ్మిన లిస్టెడ్ షేర్ల లాభం మీద 2024 జూలై 23 నుంచి 20 శాతం పన్ను, అంటే 24,000 మీద సెస్ కాక 4,800. రెండోది అమ్మి ఉంటే పన్ను లేదు సరికదా, ఆ 45,000 నష్టాన్ని అదే ఏడాది వచ్చిన వేరే షేర్ల లాభంలోంచి తీసేసుకోవచ్చు. అంత లాభం లేకపోతే, ఆదాయపు పన్ను రిటర్న్ గడువులోగా వేసినవాళ్లు మిగిలిన నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకూ ముందుకు తీసుకెళ్లొచ్చు. మనసుకు హాయిగా అనిపించిన పనికే ఎక్కువ ఖర్చయింది.

ఒక్క అమ్మకం చూసి అలవాటని చెప్పలేం. అందుకే కొలత కావాలి. టెరెన్స్ ఓడీన్ 1998లో ప్రచురించిన పరిశోధనలో అమెరికాలోని ఒక బ్రోకర్ దగ్గరి 10,000 ఖాతాలకు వాడిన పద్ధతి ఇది, మనకూ పనికొస్తుంది. బ్రోకర్ యాప్ నుంచి మన కొనుగోళ్లు, అమ్మకాల జాబితా అయిన ట్రేడ్‌బుక్ దించుకోండి. ఏదైనా అమ్మిన ప్రతి రోజుకూ నాలుగు అంకెలు రాయండి: లాభంతో అమ్మినవి ఎన్ని, లాభంలో ఉన్నా అమ్మనివి ఎన్ని, నష్టంతో అమ్మినవి ఎన్ని, నష్టంలో ఉన్నా అమ్మనివి ఎన్ని. రూపాయలు వద్దు, షేర్ల పేర్లు లెక్కపెడితే చాలు.

మా బావమరిదికి ఇలా అమ్మిన రోజులు ఆరు వచ్చాయి. ప్రతిసారీ చేతిలో పది కంపెనీల షేర్లున్నాయి. అన్నీ కలిపితే లాభంతో అమ్మినవి 9, లాభంలో ఉన్నా ఉంచుకున్నవి 24. అంటే 33లో 9, సుమారు 27 శాతం. నష్టంతో అమ్మినవి 2, ఉంచుకున్నవి 25. అంటే 27లో 2, సుమారు 7 శాతం. ఓడీన్ చూసిన ఖాతాల్లో ఈ రెండూ 14.8, 9.8 శాతం. పైగా వాళ్లు లాభానికి అమ్మేసిన షేర్లు, నష్టంలో ఉంచుకున్నవాటి కన్నా ఆ తర్వాతి ఏడాదిలో సగటున 3.4 శాతం ఎక్కువ ఇచ్చాయి.

‘మార్కెట్ పెరిగింది కాబట్టి లాభాలే ఎక్కువ అమ్మాను’ అని ఎవరైనా అనొచ్చు. అందుకే ఉత్త అమ్మకాలు లెక్కపెట్టకుండా, అమ్మడానికి వీలున్నవాటిలో ఎన్ని అమ్మామో చూస్తున్నాం. మార్చి అమ్మకాలను మాత్రం విడిగా రాయండి. పన్ను కోసం కావాలనే నష్టాలు అమ్మే నెల అది, మిగతా ఏడాది అలవాటును కప్పేస్తుంది. పదికన్నా తక్కువ అమ్మకాలుంటే ఈ శాతాలను నమ్మొద్దు.

రెండో శాతం మొదటిదాని కన్నా బాగా తక్కువ వచ్చినవాళ్లు ఈ పని చేయండి. హోల్డింగ్స్‌ను ఒక కాగితం మీద తిరిగి రాయండి, కొన్న ధర గడి మాత్రం వద్దు. షేర్ పేరు, ఈరోజు ధర, దాన్ని ఉంచుకోవడానికి కంపెనీ వ్యాపారం గురించి ఒక్క వాక్యం. మా బావమరిది ఇలా రాసినప్పుడు ఆ 420 షేర్ దగ్గర పెన్ను ఆగిపోయింది. “అసలు రావాలి” అన్నది తప్ప రాయడానికి ఏమీ దొరకలేదు. వాక్యం దొరికితే నష్టంలో ఉన్నా ఉంచుకోండి, అది తప్పు కాదు. పడిన షేర్‌నే ఇంకా కొని, సగటు కొన్న ధర తగ్గించి యావరేజ్ చేద్దామనుకునే ముందు కూడా ఇదే కాగితం తీయండి.

వచ్చే పాఠానికి ఈ కాగితం, నాలుగు అంకెలు దగ్గర పెట్టుకోండి. ఆఫీసులో నలుగురూ కొంటున్నారని కొన్నవి వీటిలో ఏవో అప్పుడు గుర్తు పెడదాం.