ఉమ్మడి ఖర్చుల లెక్క – 4వ పాఠం: క్రీమ్ అమ్మాలా, నెయ్యి కాచాలా?

పోయిన పాఠంలో ఒకే ముడిసరుకు నుంచి రెండు మూడు సరుకులు వచ్చినప్పుడు ఉమ్మడి ఖర్చును వాటి మధ్య ఎలా పంచుతారో చూశాం. బరువును బట్టి పంచాం, అమ్మకం విలువను బట్టి పంచాం. ఈ పాఠంలో ఆ పంపకాన్ని పూర్తిగా పక్కన పెట్టేస్తాం. ఎందుకో లెక్క చేస్తుంటే మీకే తెలుస్తుంది.

కొన్నేళ్ల కిందట ఒక చిన్న పాల కేంద్రానికి లెక్కలు రాసేదాన్ని. రోజూ పొద్దున 500 లీటర్ల గేదె పాలు వచ్చేవి. సెపరేటర్‌లో పోస్తే ఒక గొట్టంలోంచి క్రీమ్, ఇంకో గొట్టంలోంచి వెన్న తీసిన పాలు వచ్చేవి. పాలు రెండుగా విడిపోయే ఆ చోటునే మన పుస్తకాల్లో స్ప్లిట్ ఆఫ్ పాయింట్ అంటారు. దానికి ముందు పెట్టిన ప్రతి రూపాయీ ఉమ్మడి ఖర్చే. క్రీమ్‌ను అలాగే స్వీట్ షాపులకు ఇచ్చేయొచ్చు, లేదా కాచి నెయ్యి చేయొచ్చు. ఏది మేలు అన్నదే ప్రశ్న.

అంకెలు పెట్టుకుందాం. ధరలు పాఠం కోసం అనుకున్నవి, మీ ఊరి ధరలు వేసుకుని మళ్లీ చేయండి. పాలకు, సెపరేటర్ నడపడానికి కలిపి రోజుకు 28,800 రూపాయలు. 500 లీటర్లంటే దాదాపు 515 కిలోలు. అందులోంచి 40 శాతం ఫ్యాట్ ఉన్న క్రీమ్ 80 కిలోలు, వెన్న తీసిన పాలు 420 లీటర్లు వచ్చాయి. క్రీమ్ కిలో 260 చొప్పున 20,800. పాలు లీటరు 22 చొప్పున 9,240. ఉమ్మడి ఖర్చు పోగా రోజుకు మిగిలేది 1,240.

ఇప్పుడు నెయ్యి. 80 కిలోల క్రీమ్‌లో ఉన్న ఫ్యాట్ 32 కిలోలు. అదంతా నెయ్యిగా చేతికి రాదు, కొంత అడుగున మిగిలే మడ్డిలో పోతుంది. 93 శాతం దాకా దక్కిందనుకుంటే సుమారు 30 కిలోల నెయ్యి. కిలో 780 చొప్పున 23,400. ఇక్కడ చాలామంది 23,400ను రాబడిగా రాసేసుకుంటారు. అది తప్పు. కాచకపోయినా 20,800 వచ్చేది కదా. కాచినందువల్ల కొత్తగా వచ్చింది 2,600 మాత్రమే. ఇదే అదనపు రాబడి.

అదనపు ఖర్చు కూడా అలాగే చూడాలి: కాచకపోతే ఈ ఖర్చు తప్పేదా? తప్పేదైతేనే రాయండి. 80 కిలోల క్రీమ్‌లో దాదాపు 45 కిలోల నీరు ఆవిరైపోవాలి. దానికి ఆరు, ఆరున్నర కిలోల గ్యాస్ పడుతుంది, 620 రూపాయలు. కాచడానికి పెట్టుకున్న మనిషి కూలి 700. డబ్బాలు ఒక్కోటి 18 చొప్పున 540. మొత్తం 1,860. 2,600లోంచి 1,860 తీసేస్తే 740. కాచడమే మేలు.

ఈ లెక్క చూపించగానే ఆ కేంద్రం యజమాని ఒప్పుకోలేదు. "పాల డబ్బంతా వెన్న శాతం చూసే కదమ్మా ఇచ్చేది. అంటే 28,800 మొత్తం నెయ్యి మీదే పడాలి. అప్పుడు నెయ్యి మీద రోజుకు ఏడు వేలకు పైగా నష్టం. ఎందుకు కాచాలి?" అన్నారు. ఆయన అన్నదాంట్లో నిజం ఉంది. పాల ధర ఫ్యాట్‌ను బట్టే కడతారు. కాబట్టి ఆయన చెప్పినట్టే పంచి చూశాం. నెయ్యికి 23,400 లోంచి 28,800, ఆపైన 1,860 పోతే 7,260 నష్టం. బాగానే ఉంది. మరి క్రీమ్‌గా అమ్మితే? 20,800 లోంచి 28,800 పోతే 8,000 నష్టం. రెండింటికీ తేడా ఎంత? మళ్లీ 740.

బరువును బట్టి పంచినా ఇంతే. క్రీమ్ మీద సుమారు 4,474 పడుతుంది. అప్పుడు క్రీమ్ లాభం 16,326, నెయ్యి లాభం 17,066. తేడా 740. ఎలా పంచినా ఉమ్మడి ఖర్చు రెండు వైపులా ఒకే అంకెగా కూర్చుంటుంది, తీసివేతలో పోతుంది. సరుకు నిల్వకు విలువ కట్టడానికి ఆ పంపకం కావాలి. ఈ నిర్ణయానికి అక్కర్లేదు. పరీక్షలో ఉమ్మడి ఖర్చు ఇచ్చారు కదా అని దాన్ని లెక్కలోకి లాగకండి.

అయితే 740 అని తేలగానే పొయ్యి వెలిగించొద్దు. ఆ అంకె ఎంత సన్నటి దారం మీద నిలబడిందో చూడాలి. 30 కిలోలకు బదులు 29 కిలోలే దిగితే? 780 పోయింది, ఒక డబ్బా ఖర్చు 18 మిగిలింది. 740 కాస్తా 22 రూపాయల నష్టమైంది. ఒక్క కిలోతో నిర్ణయం తిరగబడింది.

ఆ కిలో ఎక్కడ పోతుందో నేను పొయ్యి దగ్గర నిలబడి చూశాను. మొదట క్రీమ్ పెద్ద బుడగలతో పొంగుతుంది. నీరు పోయేకొద్దీ బుడగలు చిన్నవై చప్పుడు తగ్గుతుంది. అక్కణ్ణుంచి వేడి గబగబా పెరుగుతుంది. చివర్లో సన్నటి నురగ మళ్లీ ఒకసారి పైకొస్తుంది, అడుగున మడ్డి గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పుడే దించాలి. దాటితే మాడు వాసన, ఇక 780 ఎవరూ ఇవ్వరు. వడగట్టాక మడ్డిని అలాగే పారేస్తే అందులో పట్టుకున్న నెయ్యీ పోతుంది. వేడినీళ్లు పోసి కలిపితే కొంత నెయ్యి పైకి తేలుతుంది. రోజూ మడ్డిని తూకం వేసి రాయమన్నాను. ఆ బరువు పెరిగిన రోజు నెయ్యి తగ్గేది. క్రీమ్ ఫ్యాట్‌ను కూడా గెర్బర్ పరీక్షతో చూడాలి. 40 అనుకున్నది 36 అయితే 30 కిలోలు ఎంత బాగా కాచినా రావు.

ఇంకొకటి, బాకీ. క్రీమ్‌కు అదే రోజు డబ్బు వస్తుంది. నెయ్యి షాపుల్లో పెడితే 20 రోజులకు వస్తుందనుకోండి. 20,800 అన్ని రోజులు ఆగిపోయినట్టే. ఏడాదికి 12 శాతం వడ్డీ వేస్తే 137 రూపాయలు. ఇదీ కాచడం వల్లే వచ్చిన ఖర్చు. 740 కాస్తా 603 అవుతుంది.

కూలి సంగతి కూడా కొంచెం ఆలోచించండి. మనిషి ఎలాగూ నెల జీతం మీద ఉండి మధ్యాహ్నం ఖాళీగా కూర్చుంటే ఆ 700 అదనపు ఖర్చు కాదు, లాభం ఆ మేరకు పెరుగుతుంది. అదే మనిషిని పాల ప్యాకింగ్ నుంచి తీసుకొచ్చి, అక్కడ 900 రాబడి పోగొట్టుకుంటే మాత్రం ఆ 900 రాయాలి, జీతం కాదు. ఇప్పటికే కొన్న బాణలి తరుగుదల, గది అద్దెలో వాటా రాయొద్దు. ఈ పని కోసమే కొత్త బాణలి కొనాల్సి వస్తే అప్పుడు రాయాలి.

ఈ వారం లెక్క: అదే 420 లీటర్ల వెన్న తీసిన పాలను పెరుగు చేద్దామంటున్నారు. 425 కిలోల పెరుగు, కిలో 30. తోడు, ప్యాకెట్లకు 1,300. కరెంటు అదనంగా 450. చల్లటి గది అద్దెలో వాటా 600, గది ఎప్పట్నుంచో ఉన్నదే. అమ్ముడుపోక వెనక్కొచ్చేది నూటికి 6 కిలోలు, దాన్ని పారబోయాలి. పాలుగా అమ్మాలా, పెరుగు చేయాలా? వెనక్కొచ్చేది నూటికి ఎంతకు చేరితే మీ జవాబు మారుతుందో కూడా కట్టండి. జవాబు 5వ పాఠం మొదట్లో ఉంటుంది.