పక్కవాళ్ల లేఖ దిద్దే ముందు

ఏడో తరగతిలో సెలవు లేఖ రాయించాక పిల్లల చేత ఒకరి లేఖ ఒకరికి దిద్దిస్తుంటే, చెక్‌లిస్టులో "బాగుందా?" అని అడగకండి. "బాగుంది" అనో "బాలేదు" అనో రాసి ఇచ్చేస్తారు. కంటికి కనిపించేవే నాలుగు అడగండి: తేదీ ఉందా, సంబోధన ఉందా, కారణం ఉందా, ఎన్ని రోజులో ఉందా? టిక్ పెట్టిన ప్రతిదానికీ లేఖలో ఆ మాట కింద పెన్సిల్‌తో గీత గీయాలి. గీత లేని టిక్ అంటే చదవకుండా పెట్టిందే.

చివర ఒక్క వాక్యం, "ఇక్కడ ... కలిపితే ఇంకా స్పష్టంగా ఉంటుంది" అని. "ఎన్ని రోజులో కలిపితే" అని రాస్తే ఎవరూ నొచ్చుకోరు. అక్షరదోషాలు మాత్రం మీరే చూడండి, పిల్లలు ఒప్పును కూడా తప్పుగా దిద్దేస్తారు. పిల్లలు ఒకరిది ఒకరు దిద్దే ముందు, మీరే రాసిన ఒక లేఖను బోర్డు మీద అందరితో దిద్దించండి. దిద్దడం అయ్యాక ఎవరి లేఖ వాళ్లు తిరగరాయడానికి ఐదు నిమిషాలు తప్పకుండా ఇవ్వండి.