ఇంటర్వ్యూలో మరచిన మాటను కృతజ్ఞతా లేఖలో చేర్చే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

ఇంటర్వ్యూ ముగించుకొని, పాశమైలారం నుంచి మియాపూర్ వైపు వెళ్లే బస్సులో కూర్చున్న తరువాత, చెప్పవలసిన అసలు మాట చెప్పలేదని గుర్తుకు రావడం మా ఔషధ పరిశ్రమలో పనిచేసేవారికి కొత్త సంగతి కాదు. ఆ మాటను మరునాడు పంపే కృతజ్ఞతా లేఖలో చేర్చుకోవచ్చు. అయితే చేర్చే తీరులో ఏమాత్రం తేడా వచ్చినా అది కృతజ్ఞతా లేఖ కాకుండా పోయి సంజాయిషీ పత్రం అవుతుంది. మందుల నాణ్యతను పరీక్షించే క్యూసీ విభాగం తరఫున కొన్నేళ్లపాటు బల్లకు ఇటువైపు కూర్చొని అటువంటి లేఖలు అందుకున్నవాణ్ని కనుక, ఇటీవల మా చిన్నాన్నగారి అమ్మాయి రాసిన లేఖను పక్కన కూర్చొని దిద్దిన సందర్భాన్నే ఆధారంగా తీసుకొని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ అమ్మాయికి జీడిమెట్లలో, ద్రావణంలోని మందును కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరికరం మీద నాలుగేళ్ల అనుభవం ఉంది. ఆదివారం జరిగిన వాక్-ఇన్‌లో ప్యానెల్‌లోని పెద్దాయన, టాబ్లెట్‌లో మందు ఎంత ఉందో తేల్చే ఎస్సే పరీక్ష గురించి ఒక ప్రశ్న అడిగారు: "టాబ్లెట్ల ఎస్సే పరిమితి 90.0 నుంచి 110.0 శాతం. నీకు 87.6 వచ్చింది. ఏం చేస్తావమ్మా?" ఈమె తడుముకోకుండా "రీటెస్ట్ చేస్తాను సార్" అన్నది. ఆయన తల ఊపి తరువాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. పరిశ్రమలో ఉన్నవారికి ఆ తల ఊపడంలోని అర్థం వేరే చెప్పనక్కరలేదు. పరిమితి దాటిన ఫలితం రాగానే, కారణం వెతకకుండా మళ్లీ పరీక్ష చేయడమంటే పాస్ అయ్యేదాకా పరీక్షిస్తానని ఒప్పుకొన్నట్లే లెక్క. అమెరికా ఎఫ్‌డీఏ 2006లో విడుదల చేసి 2022లో సవరించిన ఓఓఎస్, అంటే పరిమితి దాటిన ఫలితాల మార్గదర్శకం ప్రకారం, విశ్లేషకుడు మొదట చేయవలసిన పని సిద్ధం చేసిన ద్రావణాలను పారబోయకుండా ఉంచి, పై అధికారికి తెలియజేయడం. తూకం, పలుచన, స్టాండర్డ్, పరికరం వంటివన్నీ ఆ తరువాత పరిశీలిస్తారు, రీటెస్ట్ వంతు ఇంకా తరువాత వస్తుంది. ఈమె రోజూ చేస్తున్న పని ఇదే అయినా ఆ క్షణంలో నోటికి రాలేదు.

మొదటి జాగ్రత్త, మరచిపోయిన మాట లేఖకు ఎక్కవలసినంత విలువైనదా అని తూచి చూసుకోవడం. ఫలానా సాఫ్ట్‌వేర్ కూడా వచ్చని చెప్పలేదే, ఫలానా శిక్షణ సంగతి ఎత్తలేదే అన్న బాధలు చాలామందికి ఉంటాయి. అవి బయోడేటాలో ఎలాగూ ఉన్నవే కనుక లేఖలో మళ్లీ రాస్తే ఆత్రుతగానే కనబడతాయి. ప్యానెల్ సూటిగా అడిగిన ప్రశ్నకు మీ జవాబు అసంపూర్తిగా మిగిలి, ఆ లోటు వల్ల మీ పనితీరు మీదనే అనుమానం కలిగే అవకాశం ఉన్నప్పుడే ఆ మాటను చేర్చాలి. మా అమ్మాయి విషయంలో ఆ అవకాశం స్పష్టంగా ఉంది. ఆమెకు గుర్తొచ్చిన మరో రెండు సంగతులను మాత్రం నేను కొట్టివేయించాను, ఎందుకంటే ఒక మాట చేర్చితే అది జవాబుకు కొనసాగింపు అవుతుంది, మూడు చేర్చితే ఇంటర్వ్యూ మొత్తాన్ని మళ్లీ రాసిచ్చినట్లవుతుంది.

ఇక లేఖలోని వాక్యాల దగ్గరకు వస్తాను, అసలు ప్రమాదం అక్కడే ఉంది. అసలు లేఖ ఇంగ్లీషులోనే వెళ్లింది కానీ, ఇక్కడ దాని భావాన్ని తెలుగులో ఇస్తున్నాను. ఆదివారం రాత్రి ఆమె రాసుకొన్న మొదటి ప్రతిలో ఆ భాగం ఇలా ఉంది:

"ఓఓఎస్ ప్రశ్నకు నేను సరిగా జవాబు చెప్పలేకపోయినందుకు క్షమించగలరు. ఉదయం నుంచి క్యూలో నిలబడి అలసిపోవడం వల్ల, ప్రశ్న చాలా వేగంగా అడగడం వల్ల నేను రీటెస్ట్ అని మాత్రమే చెప్పాను. నిజానికి నాకు ఓఓఎస్ పద్ధతి పూర్తిగా తెలుసు. మా సంస్థలో ఎన్నో ఇన్వెస్టిగేషన్లు చేశాను. దయచేసి దీన్ని బట్టి నా ప్రతిభను అంచనా వేయవద్దు."

ఇందులో అబద్ధం ఒక్కటి కూడా లేదు. అయినా చదివిన వ్యక్తికి కొత్తగా తెలిసిన విషయం కూడా ఒక్కటీ లేదు. ఐదు వాక్యాలలో ద్రావణం గురించి గాని, అధికారికి చెప్పడం గురించి గాని ఒక్క ముక్క లేదు, ఉన్నదంతా ఆమె మనసులోని కలవరమే. క్షమాపణ వల్ల ప్యానెల్ అంతగా పట్టించుకోని తప్పు కూడా పెద్దదై కనబడుతుంది. అలసట, వేగం అన్న కారణాలు చెప్పినప్పుడు నింద ప్రశ్న అడిగినవారి మీదికి పోతుంది. "నిజానికి" అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఎదుటివారు పొరబడ్డారన్న ధ్వని వినిపిస్తుంది. "పూర్తిగా తెలుసు" అన్న వాక్యమైతే, తెలిసినట్లు చూపలేనివారు రాసే వాక్యమే.

ఈ దోషాలను పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి చాలా మోటుది. లేఖలో ఎందుకు మరచిపోయారో చెప్పే వాక్యాలన్నింటినీ పెన్సిలుతో కొట్టివేసి, మిగిలినదాన్ని ఆ రంగం తెలిసిన మరొకరి చేత చదివించాలి. చదివినవారు పనికి సంబంధించిన ఒక కొత్త విషయం చెప్పగలిగితే లేఖ నిలుస్తుంది. ఏమీ మిగలకపోతే అది కేవలం సంజాయిషీ అని తేలిపోతుంది. ఆమె ప్రతిని ఇలా కొట్టివేస్తే సంతకం తప్ప దాదాపు ఏమీ మిగల్లేదు, ఇద్దరమూ నవ్వుకొన్నాము.

తిరగరాయడానికి ముందు ఆమెను ఒకటే అడిగాను: "ద్రావణాలు దాచి ఉంచడం వల్ల నీకు ఎప్పుడైనా కారణం దొరికిందా?" దొరికిందట. ఒకసారి ఎస్సే తక్కువగా వచ్చినప్పుడు, పారబోయకుండా ఉంచిన అదే ఫ్లాస్కును పరిశోధనలో భాగంగా మరికొంతసేపు సోనికేట్ చేసి, అంటే ధ్వని తరంగాలతో కదిలించి, ఇంజెక్ట్ చేస్తే విలువ పెరిగింది, అంటే టాబ్లెట్ పొడిలోంచి మందు మొదటిసారి పూర్తిగా కరిగి రాలేదన్నమాట. నాలుగు పేరాల ఆత్మవిశ్వాసం చేయలేని పని ఈ ఒక్క సంఘటన చేస్తుంది. చివరికి వెళ్లిన లేఖలో ఆ భాగం ఇది:

"87.6 శాతం ఫలితం గురించి మీరు అడిగిన ప్రశ్నకు నేను రీటెస్ట్‌తో జవాబు మొదలుపెట్టాను, ఆ క్రమం సరికాదు. ముందుగా ద్రావణాలను, వయల్స్‌ను భద్రపరచి సూపర్‌వైజర్‌కు తెలియజేయాలి, ప్రయోగశాల స్థాయి పరిశీలన ముగిసిన తరువాతే రీటెస్ట్ గురించి ఆలోచించాలి. నా ప్రస్తుత పనిలో ఒకసారి అలా భద్రపరచిన ద్రావణాన్ని తిరిగి సోనికేట్ చేసి చూడడం వల్లనే, ఎక్స్‌ట్రాక్షన్ అసంపూర్ణంగా జరిగిందన్న కారణం బయటపడింది."

మూడే వాక్యాలు. మొదటి వాక్యంలో ప్రశ్నను గుర్తు చేయడం అవసరం, ఎందుకంటే ఆ ఆదివారం ఆయన ఎంతమందిని అదే ప్రశ్న అడిగి ఉంటారో మనకు తెలియదు. అదే వాక్యంలో "ఆ క్రమం సరికాదు" అని ఉండాలని నేను పట్టుబట్టాను. ఆమె మాత్రం "ఇంకొక అంశం చేర్చాలనుకొంటున్నాను" అని రాస్తే మర్యాదగా ఉంటుందన్నది. చెప్పిన జవాబు సరైనదే అయి, కొంత మిగిలిపోయినప్పుడు ఆ వాక్యమే మేలు. చెప్పినది తప్పైనప్పుడు దిద్దుబాటుకు చేర్పు అన్న ముసుగు వేస్తే ప్యానెల్ కనిపెట్టక మానదు. డేటా నిజాయితీ గురించే నిత్యం తగువులాడే క్యూసీ వారి దగ్గర అది మరీ ప్రమాదం. ప్రయోగశాల పుస్తకంలో తప్పు పడితే వైట్‌నర్ పూయము, ఒక గీత కొట్టి పక్కన సరైనది రాసి సంతకం, తేదీ వేస్తాము. లేఖలోనూ ఆ ఒక్క గీత చాలు.

ఈ మూడు వాక్యాల స్థానం కూడా ముఖ్యమే. లేఖ మొదట ప్యానెల్ సమయం ఇచ్చినందుకు ధన్యవాదాలు, ఆ సంభాషణలో నిజంగా ఉపయోగపడిన ఒక విషయం రెండు వాక్యాలలో రావాలి, ఆ తరువాత ఈ చేర్పు, చివర ఉద్యోగం పట్ల ఆసక్తి ఒక్క వాక్యంలో. చేర్పును మొదటనే పెడితే ధన్యవాదం దానికి సాకులా ఉంటుంది, సంతకం కింద తాజా కలం లాగా పెడితే దొంగచాటుగా తోసినట్లుంటుంది.

మా పరిశ్రమకు ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. అనుభవాన్ని రాసేటప్పుడు ఉత్పత్తి పేరు, బ్యాచ్ నంబరు, ఖాతాదారు పేరు, ఇన్వెస్టిగేషన్ నంబరు ఏవీ రాయకూడదు, సంస్థ పని విధానాన్ని రాసిన ఎస్‌ఓపీ పేజీని ఫొటో తీసి జతచేయడం అసలే కూడదు. అవి ప్రస్తుత సంస్థ రహస్యాలు. వాటిని ఈరోజు వీళ్లకు పంపినవారు రేపు మన పత్రాలను మరొకరికి పంపుతారని ప్యానెల్ అనుకొంటే తప్పు వారిది కాదు. ఆఫీసు మెయిల్ నుంచి లేఖ పంపకూడదని వేరే చెప్పనవసరం లేదనుకొంటాను, కానీ పంపినవారిని చూశాను.

సమయం విషయానికి వస్తే, ఆదివారం రాత్రి రాసి, సోమవారం ఉదయం మరొకసారి చదివి, పదకొండులోపు పంపడం మంచిది. అర్ధరాత్రి వెళ్లిన మెయిల్‌లో నిద్రపట్టని సంగతి కనబడుతుంది, మూడు రోజులు ఆలస్యమైతే గూగుల్‌లో వెతికి రాశారన్న అనుమానం వస్తుంది. నిజంగానే ఇంటికి వచ్చి చదివి తెలుసుకొన్న విషయమైతే, ముందే తెలిసినట్లు రాయకుండా "తరువాత మార్గదర్శకంలో సరిచూసుకొన్నాను" అని రాయాలి. వాక్-ఇన్‌లలో ప్యానెల్ వారి మెయిల్ తరచుగా దొరకదు కనుక, ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన హెచ్‌ఆర్ మెయిల్‌కే జవాబుగా పంపి, క్యూసీ ప్యానెల్‌కు చేరవేయమని ఒక వాక్యంలో కోరాలి. హెచ్‌ఆర్ వారు వాట్సాప్‌లో అందుబాటులో ఉన్నా ఈ సాంకేతిక భాగాన్ని అక్కడ పెట్టకూడదు, మెయిల్ పంపినట్లు తెలిపే ఒక్క వాక్యం చాలు. జవాబు రాకపోతే అదే అంశంపై రెండో లేఖ రాయకూడదు.

చివరగా, లేఖలో చేర్చిన ప్రతి మాట తరువాతి రౌండ్‌లో ప్రశ్నగా తిరిగి వస్తుందని సిద్ధపడి రాయాలి. పది రోజుల తరువాత మా అమ్మాయిని రెండో రౌండ్‌కు పిలిచినప్పుడు అదే పెద్దాయన లేఖ ప్రింటు ముందు పెట్టుకొని, "దాచి ఉంచిన ఆ ద్రావణం స్థిరత్వ సమయం దాటిపోయి ఉంటే, దాన్ని మళ్లీ ఇంజెక్ట్ చేసిన ఫలితాన్ని నమ్ముతావా అమ్మా?" అని అడిగారట. నమ్మలేనని, వ్యాలిడేషన్‌లో నిర్ధారించిన గంటలు దాటితే ఆ ఇంజెక్షన్ కారణాన్ని రుజువు చేయదని, ఆ సంగతిని పరిశోధన నివేదికలో అలాగే నమోదు చేయాలని ఆమె చెప్పింది. ఈసారి ఆయన తల ఊపకుండా కాగితం మీద ఏదో రాసుకొన్నారట.