ఒకే స్క్రిప్టు, రెండు గొంతులు: హుషారు యాంకర్‌కు, గంభీరమైన వాయిస్ ఓవర్‌కు మాటలు ఎలా మార్చాలి?

హైదరాబాద్‌లో ఈవెంట్లకు రాసేవాళ్లకు తరచూ ఎదురయ్యే పని ఇది. గోల్కొండ మీద సాయంత్రం కార్యక్రమం ఉంటుంది. మొదట మైకు పట్టుకుని యాంకర్ జనాన్ని ఊపేయాలి. లైట్లు ఆర్పాక తెర మీద చిన్న డాక్యుమెంటరీ వస్తుంది, దానికి నిదానమైన, బరువైన గొంతు కావాలి. నిర్వాహకులు మాత్రం ఒకే పేరా పంపి, "ఇద్దరికీ ఇదే ఇచ్చేయండి, స్పీడు వాళ్లు చూసుకుంటారు" అంటారు. స్పీడు మారిస్తే సరిపోదు. వాక్యం కట్టే తీరే మారాలి. వచ్చిన పేరా ఇది అనుకుందాం:

"గోల్కొండ కోట ముఖద్వారం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, సుమారు కిలోమీటరు దూరంలో కోట శిఖరాగ్రాన ఉన్న బాలాహిస్సార్‌లో వినిపిస్తుంది. శత్రువుల రాకను పైన ఉన్నవారికి తెలియజేయడానికి కాపలాదారులు ఈ ఏర్పాటును ఉపయోగించేవారు. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఈ కోట ఔరంగజేబు వశమైంది."

చదువుకోవడానికి ఇందులో ఏ తప్పూ లేదు. చెప్పడానికి మాత్రం ఇద్దరికీ కుదరదు.

మొదట, మారకూడనివి విడిగా రాసుకోండి

ఇక్కడ నాలుగే ఉన్నాయి: చప్పట్లు పైదాకా వినిపించడం, దూరం సుమారు కిలోమీటరు, అది హెచ్చరిక కోసమే, 1687లో ఎనిమిది నెలల ముట్టడి. ఆ "సుమారు" కూడా విషయంలో భాగమే. హుషారులో మొదట ఎగిరిపోయేది అదే, అందుకే యాంకర్ కాపీలో దాని బదులు నోటికి తేలికైన మాట పెట్టాలి.

యాంకర్ కాపీ: క్రియను దగ్గరికి తెండి

తెలుగులో క్రియ చివర వస్తుంది. మొదటి వాక్యంలో "వినిపిస్తుంది" అనేదాకా వినేవాడు గుమ్మటం, కిలోమీటరు, శిఖరాగ్రం అన్నీ మోస్తూ ఉండాలి. వేగంగా చెబితే సగంలోనే జారవిడుస్తాడు. కాబట్టి "నిలబడి", "కొడితే", "ఉన్న" అన్న చోటల్లా వాక్యాన్ని తెంపి, ఒక్కో ముక్కకు ఒక్కో క్రియ ఇవ్వండి.

తర్వాత నోటి సంగతి చూడాలి. స్పీడులో ఒత్తులు అరిగిపోతాయి. "ముఖద్వారం" కాస్తా "ముకద్వారం" అవుతుంది. "శిఖరాగ్రాన ఉన్న" దగ్గర నాలుక తడబడుతుంది. గేటు, పైన అంటే చాలు. ఇలా తయారవుతుంది:

"ఇదిగో, గేటు దగ్గర ఈ గుమ్మటం కింద నిలబడండి. ఒక్కసారి చప్పట్లు కొట్టండి. ఎక్కడ వినిపిస్తుందో తెలుసా? అదిగో, ఆ పైన, బాలాహిస్సార్‌లో! ఇక్కణ్నుంచి దగ్గర దగ్గర కిలోమీటరు. అప్పట్లో ఫోన్ లేదు, వైర్‌లెస్ లేదు. శత్రువు గేటు దాకా వస్తే చాలు, చప్పట్లతోనే పైకి కబురు వెళ్లిపోయేది! ఇలాంటి కోటను పట్టుకోవడానికి ఔరంగజేబుకు ఎంతకాలం పట్టింది? ఎనిమిది నెలలండీ, ఎనిమిది నెలలు!"

మాటలు తగ్గలేదు, నిజానికి పెరిగాయి. వాక్యాలు మాత్రం చిన్నవయ్యాయి. వేగంగా చెప్పే మనిషికి పదాల సంఖ్య భారం కాదు, ఊపిరి అందకుండా సాగే వాక్యమే భారం. "ఎనిమిది నెలలు" రెండుసార్లు రావడం కూడా కావాలనే. మొదటిది చప్పట్ల గోలలో పోయినా రెండోది చెవిన పడుతుంది. 1687 అనే సంవత్సరం ఇక్కడ తీసేశాను. పరుగెత్తే మాటల్లో "పదహారు వందల ఎనభై ఏడు" ఎవరికీ గుర్తుండదు. పైగా కాసేపట్లో ఫిల్ములో వస్తుంది. ఫిల్ము లేని కార్యక్రమమైతే మాత్రం తీసేయకండి, నిర్వాహకులను అడిగి ఉంచండి.

వాయిస్ ఓవర్ కాపీ: ఆగడానికి చోటివ్వండి

ఇక్కడ చాలామంది గంభీరం అనగానే గ్రాంథికంలోకి వెళ్లిపోతారు. "అరుదెంచెను", "నినదించెను" అంటే పాత పౌరాణిక నాటకంలా వినిపిస్తుంది. వాడుక మాటలతోనే బరువు వస్తుంది, దానికి కావలసింది ఆగే చోటు. యాంకర్‌కు అడ్డమైన "తాకి", "దాటి" లాంటి అసమాపక క్రియలు ఇక్కడే అక్కరకొస్తాయి. ఒక్కోదాని తర్వాత ఆగినా వాక్యం తెగదు. క్రియ ఇంకా రాలేదు కాబట్టి వినేవాడు ఎదురుచూస్తాడు.

కింద ఒక గీత అంటే చిన్న విరామం, రెండు గీతలంటే పూర్తిగా ఆగడం.

"గుమ్మటం కింద / చప్పట్ల చప్పుడు. //
అది గోడలను తాకి, / మెట్లను దాటి, / సుమారు కిలోమీటరు సాగి, // బాలాహిస్సార్‌ను చేరేది. //
కింద కాపలావాడు శత్రువును చూస్తే, / పైన కోటంతా మేలుకునేది. //
పదహారు వందల ఎనభై ఏడు. // ఎనిమిది నెలల ముట్టడి. //
గోల్కొండ / ఔరంగజేబు చేతికి చిక్కింది."

సంవత్సరాన్ని అంకెల్లో కాక అక్షరాల్లో రాశాను. అంకె కనిపిస్తే గొంతు ఒక్క క్షణం తడుముకుంటుంది, రికార్డింగులో ఆ తడుము తెలిసిపోతుంది. "చేతికి చిక్కింది" అన్నదీ చూడండి. నిదానంగా చదివేటప్పుడు వాక్యం చివర గొంతు సహజంగా దిగుతుంది. అక్కడ "వినియోగించుకోవడం జరిగింది" లాంటి తోక ఉంటే చివరి అక్షరాలు గొణుగుడైపోతాయి. పొట్టి క్రియ పెడితే, దిగిన గొంతులో కూడా స్పష్టంగా పలుకుతుంది. ముఖ్యమైన మాట చివర కాకుండా, విరామానికి ముందు గానీ వెనక గానీ పడేలా చూడండి.

"తెలుసా?", "కదా", "అండీ" ఈ కాపీలోకి రానీయకండి. యాంకర్ నోట "తెలుసా?" పిలుపులా ఉంటుంది. అదే మాట నెమ్మదిగా, గంభీరంగా అంటే పరీక్షలో మాస్టారు నిలదీసినట్టుంటుంది. "గేటు" కూడా అంతే. స్టేజీ మీద ఎవరూ పట్టించుకోని మాట, నిశ్శబ్దంలో ఎబ్బెట్టుగా మోగుతుంది.

పొడవు కొలవడం

నిమిషానికి 150 పదాలన్న ఇంగ్లిష్ లెక్క తెలుగుకు పనికిరాదు. "తెలియజేయడానికి" ఒక పదమే, కానీ ఎనిమిది అక్షరాలు. ఆ గొంతుతోనే ఏదైనా పేరా నిమిషం పాటు చదివించి, ఎన్ని అక్షరాలు పలికారో లెక్కపెట్టుకోండి. ఆ మనిషికి అదే కొలత. వాయిస్ ఓవర్‌కైతే విరామాలతో సహా చదివించాలి, లేకపోతే స్టూడియోలో టైమ్ మించిపోయి విరామాలకే కత్తెర పడుతుంది. టైమ్ చాలకపోతే ఒక వాక్యం తీసేయండి, విరామాలు తీయకండి.

సరిగ్గా కుదిరిందో లేదో ఎలా తెలుస్తుంది?

యాంకర్ కాపీని ఎవరితోనైనా పైకి చదివించి ఊపిరి వినండి. మాట మధ్యలో ఊపిరి తీసుకుంటే ఆ వాక్యం ఇంకా పొడవే. చదివేవాళ్లు తమంతట తాము మార్చి పలికిన ప్రతి మాటకూ గుర్తు పెట్టండి. చాలాసార్లు వాళ్ల మాటే మంచిది, అదే ఉంచేయండి. మారకూడని నాలుగింటి దగ్గర మాత్రం కింద గీత గీసి, "ఇక్కడ సొంత మాటలు వద్దు" అని చెప్పండి. లైవ్‌లో యాంకర్ కొంత కల్పించుకోక తప్పదు, అది ఆ నాలుగు గీతల మధ్యలో జరిగితే చాలు.

వాయిస్ ఓవర్ కాపీని ఫోన్‌లో రికార్డు చేసి, తెర చూడకుండా వినండి. అచ్చులు సాగుతున్నాయంటే, "కోటాఆ" అన్నట్టు వినిపిస్తుంటే, చదివేవాళ్లకు ఆగడానికి చోటు దొరక్క అక్షరాన్ని లాగుతున్నారని అర్థం. అక్కడ గొంతును తప్పుపట్టకండి, ఒక గీత చేర్చండి.

చివరగా రెండు కాపీలనూ వేర్వేరు కాగితాల మీద పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించండి. ఏ వాక్యమూ సగంలో పేజీ మారకూడదు, కాగితం తిప్పిన చప్పుడు డబ్బింగ్ మైకులో పడుతుంది.