మిషన్లన్నీ తిరుగుతూనే ఉన్నా శనివారానికి రెగ్యులర్ ఆర్డర్లు తేలడం లేదా? ముందు ఇది చూడండి

సమస్య: వర్క్‌షాపులో సోమవారం వేసుకున్న ప్లాన్ బుధవారానికి పనికిరాకుండా పోతుంది. లేత్‌లు ఆగలేదు, మిల్లింగ్ మిషన్ ఆగలేదు, కుర్రాళ్లు ఏడింటి దాకా ఉంటున్నారు. అర్జెంట్ పనులన్నీ ఇచ్చేస్తున్నారు కూడా. అయినా రైస్ మిల్లు వాళ్ల గేర్లు మాత్రం ప్రతి వారం వచ్చే వారానికి జరిగిపోతున్నాయి.

భీమవరం, ఆకివీడు, పాలకొల్లు చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో ఈ గొడవ ఎన్నిసార్లు సరిచేశానో. వెళ్లిన ప్రతిచోటా మొదట వినపడే మాట ఒకటే, ఇంకో మిషన్ కొనాలండీ అని. కొనే ముందు పది నిమిషాలు షాపులో నడిచి, ఏ మిషన్ ముందు సరుకు పేరుకుపోయిందో చూడండి. ఇంత తేలికైన పని ఎవరూ చెయ్యరు. మన దగ్గర చాలా షాపుల్లో లేత్‌లు రెండు మూడు ఉంటాయి, మిల్లింగ్ మిషన్ ఒక్కటే ఉంటుంది. లేత్ మీద తిరిగిన షాఫ్టులన్నీ కీవే గాడి కోసం దాని ముందే ఆగుతాయి. అలా సరుకు ఆగే మిషన్ గంటలే మీ వారం గంటలు. లేత్ మీద ఎంత తొందరపడినా శనివారం లెక్క మారదు.

మొదటి కారణం: ఆ ఒక్క మిషన్‌కి ఉన్న గంటల కంటే ఎక్కువ పని ఒప్పుకోవడం. రోజుకి 8 గంటలు, 6 రోజులు, మొత్తం 48. ఒప్పుకున్న పని దాన్ని దాటితే ఏ ప్లానూ నిలబడదు, ఒక ఆర్డర్ తేదీ జరపాల్సిందే. ఇది కూడికే, మీరే చేసుకోగలరు.

అసలు దొరకని కారణం: కూడిక సరిగ్గా ఉంటుంది, అయినా సరుకు తేలదు. ఒక వారం లెక్క చూడండి. రైస్ మిల్లు గేర్లు 8, ఒక్కోటి 2 గంటలు, మొత్తం 16. షాఫ్టులకి కీవేలు 40, ఒక్కోటి అరగంట, మొత్తం 20. గేర్ల పనికీ కీవేల పనికీ చెరోసారి సెట్టింగ్, 3 గంటలు. అంతా కలిపితే 39, ఇంకా 9 గంటలు మిగులు. అర్జెంట్లు వారానికి 8 వస్తాయనుకుందాం, అన్నీ రొయ్యల చెరువుల ఏరేటర్ షాఫ్టులకి కీవే పనే, ఒక్కోటి అరగంట. మొత్తం 4 గంటలు. కాగితం మీద హాయిగా పడుతుంది.

ఇప్పుడు మిషన్ దగ్గర నిలబడి చూడండి. 42 పళ్ల గేర్ నడుస్తోంది. బల్ల మీద పళ్లని సమానంగా పంచే డివైడింగ్ హెడ్ బిగించి ఉంది, మాండ్రిల్ మీద గేర్ బ్లాంక్, ఒక్కో పంటికి 21 రంధ్రాల వరుసలో 20 రంధ్రాలు జరుపుతూ పదిహేనో పల్లు దాకా వచ్చాడు. అప్పుడు ఉండి వైపు నుంచి రైతు వచ్చాడు. "రాత్రికి ఏరేటర్ తిరగాలండీ, తెల్లారేసరికి రొయ్య తేలిపోద్ది." ఆయన మాట నిజమే, చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. కాదనలేరు. డివైడింగ్ హెడ్ దించి, గేర్ కట్టర్ విప్పి, వైస్ ఎక్కించి డయల్ పెట్టి తిన్నగా ఉందో లేదో చూసుకోవడానికి 40 నిమిషాలు. కీవే అరగంట. మళ్లీ హెడ్ ఎక్కించి, టెయిల్‌స్టాక్ వరుసకి తెచ్చి, కట్టర్‌ని బ్లాంక్ మధ్యకి తెచ్చి, ఆగిన పంటి సందులో సరిగ్గా కూర్చోబెట్టడానికి ఇంకో 80 నిమిషాలు. కాస్త తేడా వస్తే అక్కడి పల్లు సన్నబడి, ఆ గేర్ పారేయాల్సిందే. అరగంట పని రెండున్నర గంటలు తింది.

ఎనిమిది అర్జెంట్లలో 5 ఇలా గేర్ల మధ్యలో పడితే 12న్నర గంటలు. మిగతా 3 వైస్ బిగించి ఉన్నప్పుడు వస్తే గంటన్నర. మొత్తం 14. మీ దగ్గరున్న మిగులు 9. ఆ 5 గంటల లోటే రెండు గేర్లు మిగిలిపోవడానికీ, మూడోది సగంలో ఆగడానికీ కారణం. పుస్తకంలో ఇది ఎక్కడా కనపడదు, ఎందుకంటే అందరూ కట్టర్ తిరిగిన టైమే రాస్తారు. సెట్టింగ్ చేస్తున్న మనిషి కూడా చెమటలు కక్కుతూనే ఉంటాడు కాబట్టి మిషన్ ఖాళీగా ఉందని ఎవరికీ అనిపించదు.

ఎలా తేల్చుకోవాలి: మిల్లింగ్ మిషన్ పక్కన ఒక నోటుపుస్తకం కట్టండి. పాత పనిలో ఆఖరి మంచి పీసు దిగిన టైము, కొత్త పనిలో మొదటి మంచి పీసు కొలతకి సరిపోయిన టైము, ఈ రెండే రాయించండి. మధ్యలో పోయిందంతా సెట్టింగే, టీతో సహా. రెండు వారాలు రాస్తే చాలు. ఒకే గేర్ ఆర్డర్‌కి హెడ్ రెండోసారి ఎక్కించినట్టు కనపడితే దొంగ దొరికినట్టే.

పరిష్కారం: అర్జెంట్లు మానేయమని నేను చెప్పను, ఈ డెల్టాలో ఆక్వా పని వదులుకుంటే షాపు నడవదు. అర్జెంట్ పని సెట్టింగ్‌ని విప్పకుండా చూడాలి. గేర్లన్నీ రెండు రోజులు ఒకే విడతగా పెట్టండి, అర్జెంట్లు ఏ రోజుల్లో తక్కువో మీ నోటుపుస్తకమే చెబుతుంది. మిగతా నాలుగు రోజులు వైస్ పని. ఆ నాలుగు రోజుల్లో వచ్చిన అర్జెంట్ చేతిలో ఉన్న పీసు అవగానే ఎక్కుతుంది, అరగంటలో దిగుతుంది.

గేర్ల రోజుల్లో వచ్చిన వాటికి రెండు దారులున్నాయి. మూలన దుమ్ము పట్టిన షేపర్ ఉంటే దాని మీద వైస్ ఎప్పుడూ బిగించే ఉంచండి. కీవే షాఫ్ట్ చివరికి తెరుచుకుని ఉంటే నేరుగా కోసేస్తుంది. మధ్యలో ఆగే కీవే అయితే టూల్ ఆగే చోట ముందు డ్రిల్ వేసుకుని ఆ రంధ్రం దాకా కొట్టండి. నెమ్మదే, గంట పడుతుంది, కానీ ఆ గంట మిల్లింగ్ మిషన్‌ది కాదు. రెండో దారి, మీ దగ్గరకి మళ్లీ మళ్లీ వచ్చే ఏరేటర్ షాఫ్ట్ సైజులు ఒకటో రెండో ఉంటాయి కదా, వైస్ రోజుల్లోనే మూడేసి తయారు చేసి పెట్టుకోండి. రైతు పాతది ఇచ్చి కొత్తది పట్టుకెళ్తాడు.

ఈ రెండూ కుదరని కేసు వస్తే, నడుస్తున్న గేర్ పూర్తయ్యాకే హెడ్ విప్పండి. మహా అయితే 2 గంటల ఆలస్యం, మధ్యాహ్నం లోపు వచ్చిన పనైతే చీకటి పడేలోపే అందుతుంది. గేర్ మధ్యలో మాత్రం విప్పొద్దు.

ఇలా చేస్తే 39కి అర్జెంట్ల 4 కలిపినా 43. మిగిలే 5 గంటలు చూసి ఇంకో ఆర్డర్ ఒప్పుకోవద్దు, దయచేసి. తప్పక హెడ్ విప్పాల్సిన రోజు ఒకటి రెండు వస్తాయి, అవి ఇందులోంచే పోతాయి. మూడోసారి విప్పాల్సి వస్తే రైస్ మిల్లుకి ఆ రోజే ఫోన్ చేసి తేదీ మార్చండి. శనివారం సాయంత్రం వాళ్లు మనిషిని పంపించాక చెబితే మండుతుంది, అది న్యాయమే. ఇంకోటి, హెడ్ విప్పించిన పనికి రెండున్నర గంటల డబ్బులు అడగండి. "అంత తొందర లేదులెండి, గురువారం ఇవ్వండి" అనే రైతులు కూడా ఉంటారు, అడిగితేనే తెలుస్తుంది.

కరెంటు కోతలు, కట్టర్ మొద్దుబారడం, మెటీరియల్ లేటు, పండక్కి ఊరెళ్లిన ఆపరేటర్, ఇవీ ఉంటాయి. కానీ ఇవి ఏదో ఒక వారాన్ని చెడగొడతాయి. ప్రతి వారం అవే గేర్లు ఆగుతుంటే వీటి వెనక పడకండి.